ఒక్క బీమ్‌ను పట్టుకుని డ్రాయింగ్ సెట్ మొత్తం చదవడం: B7 కేస్ స్టడీ

ఇది ఒక మూడంతస్తుల ఆర్‌సీసీ ఫ్రేమ్ బిల్డింగ్ కేసు. మొదటి ఫ్లోర్ స్లాబ్‌కు సెంట్రింగ్ అయిపోయింది, బీముల రాడ్ కట్టారు, స్లాబ్ రాడ్ సగం పరిచారు. కాంక్రీటు వేసేలోపు రాడ్ అంతా డ్రాయింగ్ ప్రకారం ఉందో లేదో చెక్ చేయాలి. ఆ పని కొత్తగా చేరిన జూనియర్ ఇంజనీర్‌కు అప్పగించాను. బీమ్ డిజైన్ లెక్కలు ఆమెకు బాగానే వచ్చు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ సెట్ చేతిలో పట్టుకుని సైట్‌లో నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

సెట్‌లో ఆరు షీట్లున్నాయి. S-01 జనరల్ నోట్స్, S-02 ఫుటింగ్, కాలమ్ లేఅవుట్, S-03 కాలమ్ షెడ్యూల్, S-04 మొదటి ఫ్లోర్ బీమ్ లేఅవుట్, S-05 బీమ్ డీటెయిల్స్, S-06 స్లాబ్ డీటెయిల్స్. ఆమె మొదటి షీటు నుంచి వరుసగా చదవడం మొదలుపెట్టి రెండో షీటు దగ్గరే ఆగిపోయింది. "సార్, ఎక్కడ చూసినా సగం సమాచారమే ఉంది. మిగతాది ఎక్కడుందో అర్థం కావట్లేదు" అంది.

ఆ మాట నిజమే. ఈ డ్రాయింగులు వరుసగా చదవడానికి గీసినవి కావు. ఒక బీమ్ ఎక్కడుందో ఒక షీటు చెబుతుంది, దానిలో ఎన్ని రాడ్లున్నాయో ఇంకో షీటు, ఆ రాడ్లు ఎక్కడ ఆగిపోతాయో మరో బొమ్మ, రాడ్ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, అంటే కవర్, ఎంతో నోట్స్ చెబుతాయి. అందుకే ఒకే ఒక బీమ్ ఎంచుకుని దాని వెంటే అన్ని షీట్లూ తిరగమని చెప్పాను. కాస్త కష్టమైన బీమే ఇచ్చాను: B7. రెండు స్పాన్లు, మధ్యలో ఒక కాలమ్, ఒక పక్క బాత్రూమ్ కోసం కిందికి దించిన సంకెన్ స్లాబ్.

ప్లాన్‌లో B7

S-04లో గ్రిడ్ లైన్లు ఉంటాయి. ఈ షీటులో అడ్డ గీతలకు కింది నుంచి పైకి A, B, C అని, నిలువు గీతలకు ఎడమ నుంచి కుడికి 1, 2, 3 అని పేర్లు పెట్టారు. B7 అనేది B గ్రిడ్ మీద, 1 నుంచి 3 వరకు వెళ్లే బీమ్. 1-2 మధ్య దూరం 4500, 2-3 మధ్య 3600. అంకెలన్నీ మిల్లీమీటర్లే, ఆ సంగతి నోట్స్‌లో ఒక్కసారే రాసి ఉంటుంది. బీమ్ పక్కన `B7 (230x450)` అని ఉంది. ముందుది వెడల్పు, తర్వాతది లోతు. ఆ లోతు స్లాబ్ మందంతో కలిపి చెప్పిందే, స్లాబ్ కింద విడిగా 450 అని కాదు. నోట్స్‌లో వేరుగా చెప్పకపోతే ఇలాగే తీసుకుంటారు.

ఆమెకు వచ్చిన మొదటి అనుమానం గీతల మీదే. బీములన్నీ చుక్కల గీతలతో ఎందుకున్నాయి అని అడిగింది. ఫ్లోర్ ప్లాన్‌ను పై నుంచి చూస్తున్నట్టు గీస్తారు. బీమ్ స్లాబ్ కింద దాక్కుని ఉంటుంది కాబట్టి కనపడని అంచును విడివిడి గీతలతో చూపిస్తారు. అదే షీటులో ఒక బీమ్ మాత్రం నిండు గీతలతో ఉంది. అది స్లాబ్ పైకి లేచిన ఇన్వర్టెడ్ బీమ్. పై నుంచి చూస్తే దాని అంచు కనపడుతుంది కనుక నిండు గీత. ఈ తేడా పట్టుకోకపోతే సెంట్రింగ్ దగ్గరే తప్పు మొదలవుతుంది.

ఖాళీ గడిలో మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా రెండు గీతలుంటే అక్కడ స్లాబ్ లేదు, డక్ట్ కోసమో మెట్ల కోసమో వదిలిన ఓపెనింగ్. ఏటవాలు గీతలతో నింపిన గడి సంకెన్ స్లాబ్. నల్లగా నింపిన కాలమ్ పైకి కొనసాగుతుంది, ఖాళీగా వదిలిన కాలమ్ ఈ ఫ్లోర్ దగ్గరే ఆగిపోతుంది. ఈ గుర్తులు ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటాయి. ఇప్పుడు నేను చెప్పినవి ఈ షీటు లెజెండ్‌లో ఉన్నవి. ఇంకో సెట్ చేతికొస్తే ముందు ఆ సెట్ లెజెండ్ చూడాలి.

షెడ్యూల్, రెండు సెక్షన్లు

B7 అనే పేరు పట్టుకుని S-05కు వెళ్తే షెడ్యూల్‌లో ఇలా ఉంది:

```
B7  230x450
BOTTOM   : 2-T16 THRU + 1-T16 EXTRA (SPAN 1-2)
TOP      : 2-T16 THRU + 2-T16 EXTRA (SUPPORT 2)
STIRRUPS : 2L-T8 @100 c/c UPTO 900 FROM FACE
           BALANCE @150 c/c
```

`2-T16` అంటే 16 మి.మీ. రాడ్లు రెండు. ఆ T అక్షరం స్టీల్ రకాన్ని చెబుతుంది. కొన్ని సెట్లలో దాని బదులు Y గానీ H గానీ ఉంటుంది, ఆ అక్షరం దేనికో నోట్స్‌లో ఉంటుంది. `THRU` అంటే ఈ చివర నుంచి ఆ చివరకు సాగే రాడ్. `STIRRUPS` అంటే రాడ్ల చుట్టూ కట్టే రింగులు. `2L` అంటే రింగుకు రెండు కాళ్లు, మామూలు దీర్ఘచతురస్రపు రింగు. `c/c` అంటే ఒక రింగు మధ్య నుంచి పక్క రింగు మధ్యకు దూరం.

షెడ్యూల్ పక్కనే బీమ్ పొడవు బొమ్మ ఉంది. దాని మీద రెండు చోట్ల నిలువుగా కోత గీతలు, 1-1, 2-2 అని. కింద ఆ రెండు సెక్షన్ల బొమ్మలు. 1-1లో పైన నాలుగు చుక్కలు, కింద రెండు. 2-2లో పైన రెండు, కింద మూడు. ఆమె 2-2 బొమ్మ ఒక్కటే నోట్‌బుక్‌లో వేసుకుని సైట్‌కు వెళ్లింది. B7 మధ్యలో ఉన్న C5 కాలమ్ దగ్గర నిలబడి చూస్తే పైన నాలుగు రాడ్లున్నాయి. రెండు రాడ్లు ఎక్కువ కట్టారని మేస్త్రీతో అంది. "లేదు మేడమ్, కాలమ్ మీద టాప్ ఎక్స్‌ట్రా ఉంది" అన్నాడాయన. మేస్త్రీదే సరైన మాట.

మొదటిసారి చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సెక్షన్ బొమ్మ బీమ్ మొత్తానికి వర్తించదు. కోత పడిన ఆ ఒక్క చోట బీమ్ లోపల ఏముందో చెబుతుంది, అంతే. 1-1 కోత గీత కాలమ్ పక్కనే ఉంది, 2-2 కోత గీత 1-2 స్పాన్ మధ్యలో ఉంది. స్పాన్ మధ్యలో బీమ్ కిందికి వంగుతుంది, కింది ముఖం సాగుతుంది, అందుకే అక్కడ కింద మూడో రాడ్. మధ్య కాలమ్ మీద వంపు తిరగబడుతుంది, పై ముఖం సాగుతుంది, అందుకే అక్కడ పైన అదనంగా రెండు. డిజైన్ చదివిన మనిషికి ఈ కారణం తెలిసిందే. కోత గీత ఎక్కడుందో చూశాక ఆమె వెంటనే అందుకుంది.

ఇక్కడ ఒక అలవాటు చేయించాను. ఏ సెక్షన్ చూసినా ముందు దాని నంబరు, తర్వాత ఆ నంబరు కోత గీత ఎక్కడుందో, ఆ తర్వాతే లోపలి చుక్కలు. చుక్కల మీదకు కన్ను ముందే పోతుంది, అదే చిక్కు.

నోట్స్‌లో బీముకు కవర్ 25 అని, ఆ కవర్ రింగు బయటి అంచు వరకు అని ఉంది. దాని నుంచి రింగు కొలత లెక్కేయమన్నాను. 230లో రెండు పక్కలా 25 తీస్తే 180, 450లో పైన కింద 25 తీస్తే 400. కట్టిన రింగును టేపుతో కొలిస్తే 180 x 400 వచ్చింది. కవర్ సరిగా ఉందో లేదో కాంక్రీటుకు ముందే తెలుసుకోవడానికి ఇది తేలికైన దారి. రింగే పెద్దదైతే కవర్ బ్లాకులు ఎన్ని పెట్టినా లాభం లేదు.

రింగుల దూరం కూడా ఒక్కో ఖాళీ కొలవకుండా లెక్కపెట్టి చూడొచ్చు. మొదటి రింగు కాలమ్ ముఖం నుంచి 50లో అని డీటెయిల్‌లో ఉంది. అక్కడి నుంచి 100 చొప్పున వెళ్తే 50, 150, 250 అలా 850 వరకు, 900 లోపల తొమ్మిది రింగులు రావాలి. అన్ని చివర్లలోనూ తొమ్మిదే ఉన్నాయి.

1300 ఎక్కడి నుంచి?

అసలు తప్పు బయటపడింది టాప్ ఎక్స్‌ట్రా రాడ్ పొడవులో. S-05లో బీమ్ పొడవు బొమ్మ మీద, C5కు రెండు పక్కలా ఆ రాడ్ 1300 వెళ్లాలని ఉంది. ఆమె కాలమ్ ముఖం నుంచి టేపు పెట్టి కొలిస్తే 1185 వచ్చింది. రెండో పక్కా అంతే. మేస్త్రీని అడిగితే "1300, 1300 కలిపి 2600 కట్ చేశాం మేడమ్, మధ్యలో పెట్టాం" అన్నాడు.

ఆమె డ్రాయింగ్ దగ్గరకు తిరిగొచ్చి స్కేలుతో కొలవబోయింది. ఆపాను. చేతిలో ఉన్నది ఎ3 ప్రింటు, షీటు తయారైంది ఎ1లో. ఎ1ని ఎ3కి తగ్గిస్తే పొడవులన్నీ సగమవుతాయి. 1:50 అని రాసి ఉన్న బొమ్మ కాగితం మీద 1:100 అయిపోతుంది. పైగా రాడ్ డీటెయిల్స్ చాలావరకు `NTS` అని, అంటే స్కేలుకు గీయకుండా ఇస్తారు. రాసి ఉన్న కొలతనే నమ్మాలి.

చూడాల్సింది కొలత గీత రెండు కొసలు ఎక్కడ ఆగాయో. 1300 గీత ఒక కొస రాడ్ చివర దగ్గర ఉంది. రెండో కొస కాలమ్ మధ్య గీత మీద లేదు, కాలమ్ ముఖం గీత మీద ఉంది. C5 బీమ్ దిశలో 230 ఉంటుంది. అంటే రాడ్ మొత్తం పొడవు 1300 + 230 + 1300, అంటే 2830. సైట్‌లో కట్ చేసింది 2600. కాలమ్ వెడల్పు 230 లెక్కలోంచి జారిపోయింది, ఒక్కో పక్క 115 తగ్గింది.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో కూడా డ్రాయింగులోనే కనపడుతుంది. లేఅవుట్ ప్లాన్‌లో కొలతలు గ్రిడ్ నుంచి గ్రిడ్‌కు ఇస్తారు. ఇక్కడ గ్రిడ్ గీత C5 మధ్యలోంచే పోతోంది కాబట్టి అవి సెంటర్ కొలతలు. రాడ్ డీటెయిల్‌లో మాత్రం ముఖం నుంచి ఇస్తారు, ఎందుకంటే సైట్‌లో టేపు పెట్టడానికి దొరికేది ముఖమే, రాడ్ స్పాన్‌లోకి ఎంత వెళ్లాలన్నది లెక్కకొచ్చేదీ అక్కడి నుంచే. ప్లాన్ చూసి చూసి సెంటర్ కొలతకు అలవాటైన చేయి డీటెయిల్‌నూ అలాగే చదివేసింది. ఇంకో మాట: గ్రిడ్ ఎప్పుడూ కాలమ్ మధ్యలోనే పోదు. అంచు కాలమ్‌లకు బయటి ముఖం మీద గ్రిడ్ పెట్టిన డ్రాయింగులు మామూలే. అదీ చూసుకోవాలి.

115 మి.మీ.తో ఏమవుతుందని మేస్త్రీ అడిగాడు. రాడ్‌ను పైన అవసరం తీరిన చోటు దాటించి, కాంక్రీటును గట్టిగా పట్టుకోవడానికి మరికొంత పొడవిచ్చి ఆపుతారు. ఆ మిగులు పొడవు సైట్‌లో కోసేసుకోవడానికి ఇచ్చింది కాదు. వైర్ విప్పితే రాడ్ బయటికొచ్చే దశలోనే ఉంది కాబట్టి రెండు రాడ్లూ తీసి 2830వి వేయించాం. ఇదే అలవాటుతో కట్ చేసిన మిగతా బీములు కూడా చూడమన్నాను. మధ్య కాలమ్ ఉన్న ప్రతి బీమ్‌లోనూ అదే తగ్గుదల కనిపించింది, అన్నిటికీ మార్పించాం.

కాలమ్ షెడ్యూల్: ఏ వరుస చూడాలి

B7ను మోసే C5 దగ్గర ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. S-03లో C4, C5, C6 మూడింటినీ ఒకే గుంపుగా చూపించారు. ఒకే సెక్షన్ బొమ్మ, 230x450. షెడ్యూల్‌లో రెండు వరుసలు: ఫౌండేషన్ నుంచి మొదటి ఫ్లోర్ వరకు `4-T20 + 4-T16`, మొదటి ఫ్లోర్ నుంచి రూఫ్ వరకు `8-T16`.

ముందుగా దిక్కు సంగతి. షెడ్యూల్‌లో కాలమ్‌ను నిలువుగా గీశారని బిల్డింగులో అన్నీ అలాగే నిలబడవు. ప్లాన్‌లో చూస్తే C5 పొడుగు వైపు కాగితం మీద నిలువుగా ఉంది, C4ది అడ్డంగా. సైజు, రాడ్లు షెడ్యూల్ చెబుతుంది, ఎటు తిరిగి ఉందో లేఅవుట్ చెబుతుంది. రాడ్ల చోటు కూడా బొమ్మలోనే ఉంటుంది: T20లు నాలుగు మూలల్లో, T16లు పొడుగు ముఖాల మీద మధ్యలో. మొత్తం ఎనిమిది రాడ్లే కదా అని లెక్కపెట్టి వదిలేస్తే మూలలో T16 పడినా తెలియదు.

ఇక ఆమె అనుమానం. స్లాబ్ పైకి తేలిన కాలమ్ రాడ్లను లెక్కపెడితే నాలుగు T20, నాలుగు T16 ఉన్నాయి. స్లాబ్ పైన ఉన్నది పై అంతస్తు కాబట్టి షెడ్యూల్ ప్రకారం 8-T16 ఉండాలి కదా, తప్పు రాడ్ వేశారేమోనని ఆమెకు టెన్షన్. తప్పేమీ లేదు. S-03లో ల్యాప్ డీటెయిల్ చూపించాను. పై అంతస్తు రాడ్లు స్లాబ్ లెవెల్ దగ్గర మొదలవవు. కింది అంతస్తు రాడ్లే స్లాబ్‌ను దాటి పైకి వెళ్లి, కాలమ్ ఎత్తు మధ్య భాగంలో పై రాడ్లతో కొంత పొడవు పక్కపక్కన కలిసి ల్యాప్ అవుతాయి. అందుకే స్లాబ్ మీద నిలబడి చూసినప్పుడు కనపడేవి కింది వరుస రాడ్లు.

అక్కడ నిజంగా చెక్ చేయాల్సింది అవి ఎంత పైకి తేలాయన్నది. అంతస్తు ఎత్తు 3000, పైన బీమ్ లోతు 450 తీస్తే ఖాళీ ఎత్తు 2550. మధ్య సగం భాగం అంటే ఫ్లోర్ నుంచి దాదాపు 640 పైన మొదలై 1910 దగ్గర ముగుస్తుంది. నోట్స్‌లో ల్యాప్ పొడవు రాడ్ మందానికి 50 రెట్లు, రెండు వేరు సైజులు కలిస్తే చిన్న రాడ్ లెక్కన అని ఉంది. ఇక్కడ చిన్నది 16, కాబట్టి 800. 640కి 800 కలిపితే 1440. డీటెయిల్ 1500 అడిగింది, సైట్‌లో అంతకు తక్కువ ఏదీ లేదు. రాడ్లలో సగం ఒక చోట, మిగతా సగం వేరే చోట ల్యాప్ చేయమనే డ్రాయింగులు కూడా ఉంటాయి, అప్పుడు తేలే పొడవు రెండు రకాలుగా ఉంటుంది. ఈ సెట్‌లో అలా అడగలేదు.

బాణం ఎటు చూస్తోంది

చివరగా సంకెన్ స్లాబ్. ప్లాన్‌లో B7ను నిలువుగా కోస్తూ ఒక గీత ఉంది, దాని కొసన సగానికి విడగొట్టిన వృత్తం. పై సగంలో 3, కింది సగంలో S-05. అంటే ఈ సెక్షన్ S-05 షీటులో మూడో బొమ్మ. దాని పక్కన నల్ల బాణం.

మూడో బొమ్మలో సంకెన్ స్లాబ్ బీముకు కుడి పక్క ఉంది. ఆమె సైట్‌లో గ్రిడ్ 1 దగ్గర నిలబడి గ్రిడ్ 3 వైపు చూస్తోంది, సంకెన్ ఎడమ పక్క ఉంది. అటూ ఇటూ మారిందని పరిగెత్తుకుంటూ వచ్చింది. "బాణం ఎటుంది చూడమ్మా" అన్నాను. బాణం ఎడమకు, అంటే గ్రిడ్ 1 వైపు ఉంది. కోసిన చోట నిలబడి బాణం చూపే వైపు చూస్తే ఏం కనపడుతుందో అదే సెక్షన్ బొమ్మ. గ్రిడ్ 1 వైపు ముఖం పెట్టి నిలబడితే C గ్రిడ్ కుడి చేతి వైపు వస్తుంది. సంకెన్ ఉన్నది B, C మధ్యే. గ్రిడ్ 3 దగ్గరకు వెళ్లి వెనక్కి తిరిగి చూడగానే బొమ్మ, సైట్ కలిశాయి. రెండు పక్కలా ఒకేలా ఉన్న బీమ్‌కైతే బాణం ఎటున్నా తేడా తెలియదు. సంకెన్ గానీ, అంచు బీమ్ గానీ, ఒక పక్కే చజ్జా గానీ ఉంటే బాణమే ఆధారం.

అదే చోట ఆమె ఒక అసలైన తేడా పట్టింది. ప్లాన్‌లో సంకెన్ గడి లోపల లెవెల్ గుర్తు పక్కన -250 అని ఉంది. మూడో సెక్షన్‌లో స్లాబ్ 300 కిందికి దిగాలని ఉంది. S-04 టైటిల్ బ్లాకులో రివిజన్ R2, సంకెన్ గడి చుట్టూ మబ్బు ఆకారపు గీత, పక్కన చిన్న త్రిభుజంలో 2. అంటే రెండో రివిజన్‌లో మారింది అదే. S-05 మాత్రం ఇంకా R1లోనే ఉంది. కొత్త రివిజన్ కాబట్టి 250 అయ్యుంటుందని మేమే అనుకుని ముందుకెళ్లే వీలు లేదు. తేడా వస్తే డిజైనర్‌ను అడగాలని నోట్స్‌లో రాసి ఉంది. సెంట్రింగ్ అప్పటికి 300కు కట్టేశారు.

అడగడం ఎలాగో కూడా నేర్పాను. "సంకెన్ లెవెల్ క్లారిటీ లేదు" అని రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. ఆమె రాసింది ఇది: "S-04 R2లో B-C, 1-2 గ్రిడ్ల మధ్య సంకెన్ 250. S-05 R1, సెక్షన్ 3లో అదే స్లాబుకు 300. ఏది తీసుకోవాలి? 250 అయితే B7 పక్క రాడ్‌లో ఏమైనా మార్పు ఉందా?" రెండో ప్రశ్న ముఖ్యం. ఎందుకంటే స్లాబ్ 50 పైకి జరిగితే, స్లాబ్ రాడ్ B7లో దిగే ఎత్తు కూడా మారుతుంది.

250 తీసుకోమని, బీమ్ రాడ్‌లో మార్పు లేదని జవాబు వచ్చింది. దాంతో పాటు S-05 R2 పంపారు, సెక్షన్ 3 చుట్టూ మబ్బు గీతతో. పాత S-05 మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టించాను. సంకెన్ సెంట్రింగ్ 50 లేపి, స్లాబ్ రాడ్ కొత్త ఎత్తులో B7 రింగుల్లోకి దించి కట్టారు. ఆ గడి ఆమే మళ్లీ కొలిచాక కాంక్రీటుకు సంతకం పెట్టాను.